అల్వాల్ నుంచి నానక్‌రామ్‌గూడకు రోజూ: ఉదయం ఎంఎంటీఎస్, సాయంత్రం బస్సు

ప్రశ్న: మేం అల్వాల్ రైల్వే స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉంటాం. వచ్చే నెల నుంచి నా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో, విప్రో సర్కిల్ దగ్గర. పదింటికి లాగిన్, సాయంత్రం ఆరున్నరకి బయటపడతాను. రోజూ క్యాబ్ అంటే భరించలేను, స్కూటీ మీద అంత దూరం నా వల్ల కాదు. ఎంఎంటీఎస్, మెట్రో, బస్సు కలిపి వెళ్తే కుదురుతుందా? ఎక్కడ ఏది ఎక్కాలి, ఎంత ముందు బయల్దేరాలి? రోజూ తిరిగేవాళ్లెవరైనా చెప్పండి.

సమాధానం:

కుదురుతుందండీ. కాకపోతే రానూ పోనూ ఒకటే దారి అని పెట్టుకోవద్దు. మీ విషయంలో ఉదయానికి ఎంఎంటీఎస్ బాగా పనికొస్తుంది, సాయంత్రానికి అదే ఎంఎంటీఎస్ మిమ్మల్ని ప్లాట్‌ఫాం మీద కూర్చోబెడుతుంది. ఎందుకో చెప్తాను, అది అర్థమైతే మిగతా ప్లాన్ మీరే వేసుకోగలరు.

మీ దారిలో మూడు బండ్లున్నాయి: అల్వాల్ నుంచి సికింద్రాబాద్‌కి ఎంఎంటీఎస్, సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి రాయదుర్గానికి మెట్రో, అక్కడి నుంచి ఆఫీసుకి బస్సు. మెట్రో బ్లూ లైన్ రద్దీ టైమ్‌లో కొద్ది నిమిషాలకొకటి వస్తుంది కాబట్టి ఒకటి పోయినా బాధ లేదు. రాయదుర్గం నుంచి మీ ఆఫీసుకి వెళ్లే బస్సు రావడం వస్తుంది గానీ ఎంతసేపట్లో చేరుస్తుందో రోడ్డు చెప్పాలి. మేడ్చల్ వైపు ఎంఎంటీఎస్‌కి మీ టైమ్‌కి సరిపోయే రైలు ఒకటో రెండో ఉంటుంది, అది తప్పితే తర్వాతి దాని కోసం చాలాసేపు చూడాలి. ఇలా అరుదుగా వచ్చే బండి ప్రయాణంలో మొదట ఉంటే ఇబ్బంది లేదు, ఎందుకంటే మీరు ఇంట్లోనే ఉన్నారు, దాని టైమ్ చూసుకునే గడప దాటతారు. అది చివర ఉంటేనే చిక్కు. అప్పటికి బస్సు ఎంత లేటయింది, మెట్రోలో ఎన్ని రైళ్లు వదిలేశారు అన్నదంతా పోగుపడి, ఆ ఒక్క రైలు దగ్గర తేలుతుంది. ఉదయం మీకు ఎంఎంటీఎస్ మొదట వస్తుంది, సాయంత్రం చివర వస్తుంది.

ముందు ఉదయం సంగతి. ఇలాంటప్పుడు ఆఫీసు టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. పదింటికి మీ సీట్లో ఉండాలంటే, రాయదుర్గం మెట్రో నుంచి విప్రో సర్కిల్ దాకా బస్సు కోసం చూడటం, ప్రయాణం, దిగాక నడక, లిఫ్ట్ దగ్గర లైను అన్నీ కలిపి మామూలు రోజుల్లో 50 నిమిషాలు పెట్టుకోండి. దూరం చూస్తే అంత అక్కర్లేదనిపిస్తుంది గానీ బయోడైవర్సిటీ జంక్షన్, ఆ తర్వాత గచ్చిబౌలి వైపు ఉదయం తొమ్మిది దాటాక నత్తనడకే. అంటే 9:10కి రాయదుర్గంలో దిగాలి. సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి రాయదుర్గానికి రైల్లో 35 నిమిషాల పైచిలుకు, ఒక రైలు వదిలేయాల్సి వచ్చినా సరిపోయేలా 45 అనుకుందాం. అంటే 8:25కి మెట్రో ప్లాట్‌ఫాం మీద ఉండాలి. రైల్వే స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగి, ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగి, ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు బయటికొచ్చి, మెట్రో మెట్లెక్కి, బ్యాగ్ స్కానర్ దగ్గర నిలబడి, గేటు దాటేసరికి పావుగంట. సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణ పనులు నడుస్తున్నన్నాళ్లూ లోపల దారులు మారుతుంటాయి కాబట్టి ఆ పావుగంటని పది చేయకండి. అంటే 8:10కి ఎంఎంటీఎస్ సికింద్రాబాద్ చేరాలి, అల్వాల్‌లో అది సుమారు 7:35 ప్రాంతంలో ఎక్కేదై ఉండాలి.

ఈ 7:35 అన్నది నేను వెనక్కి లెక్కేస్తే వచ్చిన టైమ్, టైమ్‌టేబుల్లో ఉన్న రైలు అని కాదు. ప్రస్తుత టైమ్‌టేబుల్ తీసి దీనికి ముందు దగ్గర్లో ఉన్న రైలు ఏదో చూడండి. అది 7:15కి ఉంటే దాన్నే ఎక్కండి, ఆ ఇరవై నిమిషాలు వృథా కావు, ఎందుకో మెట్రో దగ్గర చెప్తాను. దగ్గర్లో ఉన్నది 8:05కి అయితే మాత్రం దాన్ని మర్చిపోయి నేరుగా బస్సు ప్లాన్‌కి వెళ్లిపోండి. ముప్పై నిమిషాలు ఎక్కడో ఒకచోట కలిసొస్తుందిలే అనుకుంటే రాదు.

ఎంఎంటీఎస్ ఎందుకు లేటవుతుందో తెలిస్తే ఏ రోజు నమ్మాలో తెలుస్తుంది. 2003లో మొదలైనప్పటి నుంచీ అది దూరప్రాంత రైళ్లతో కలిసి అవే పట్టాల మీద నడుస్తోంది. ఎక్స్‌ప్రెస్ వస్తుంటే లోకల్‌ని పక్కన పెడతారు, సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోతే ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబెడతారు. మల్కాజిగిరి దాటాక రైలు ఉన్నట్టుండి ఆగిపోయి, జనం తలుపుల దగ్గరికి వచ్చి తొంగి చూస్తున్నారంటే అదే. పట్టాల పనులు ఉన్న రోజుల్లో, పండగ సెలవుల్లో కొన్ని సర్వీసులు రద్దు కూడా చేస్తారు. ఆ ప్రకటన ముందే వస్తుంది కాబట్టి ముందు రోజు రాత్రి ఒకసారి చూసుకుని పడుకోండి.

రోజూ ఉదయం మీరు చేయాల్సిన పని ఒకటుంది. రైలు ఎక్కడుందో చూపించే NTES యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. ఎంఎంటీఎస్ రైళ్లకీ ఐదంకెల నంబర్లుంటాయి, మన దగ్గర 47తో మొదలవుతాయి. మీ రైలు నంబర్ కొట్టి చూసేది స్టేషన్‌కి వెళ్లాక కాదు, ఇంట్లో టిఫిన్ చేస్తున్నప్పుడు. మేడ్చల్ నుంచి గౌడవల్లి, గుండ్లపోచంపల్లి, బొల్లారం, బొల్లారం బజార్ మీదుగా అల్వాల్ వస్తుంది కాబట్టి, అది మేడ్చల్‌లో బయల్దేరిందో లేదో మీరు గడప దాటేలోపే తెలిసిపోతుంది. ఇంకా ముందే తెలుసుకోవాలంటే ఇంకో పద్ధతి ఉంది. సాధారణంగా సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లిన రైలే తిరిగి వస్తుంది. ఆ వెళ్లే రైలు నంబర్ కూడా రాసి పెట్టుకోండి, అదే ఇరవై నిమిషాలు లేటుగా వెళ్తుంటే మీది టైమ్‌కి ఎలా వస్తుంది? పది నిమిషాల లోపు లేటయితే ఎక్కేయండి. పావుగంట దాటిందా, స్టేషన్ వైపు అడుగు వేయొద్దు, మెయిన్ రోడ్డుకి వెళ్లి బస్సు ఎక్కండి. స్టేషన్‌కి వెళ్లి పావుగంట చూసి, మళ్లీ వెనక్కి రోడ్డుకి నడిచి బస్సెక్కడం అన్నిటికన్నా ఖరీదైన పని, అటూ ఇటూ రెండిట్లోనూ టైమ్ పోతుంది.

బస్సు ఎక్కిన రోజు చాలామంది అలవాటుగా సికింద్రాబాద్ దాకా వెళ్లిపోతారు. వద్దు. జేబీఎస్ దగ్గర దిగిపోండి. అక్కడున్న మెట్రో స్టేషన్ గ్రీన్ లైన్‌ది, మీకు ఆ రైలుతో పనిలేదు, అక్కడి నుంచి నడక దారిలో బ్లూ లైన్ పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌కి వెళ్లిపోవచ్చు. సికింద్రాబాద్ ఈస్ట్ తర్వాత వచ్చే స్టేషన్ పరేడ్ గ్రౌండే, అంటే ఎంఎంటీఎస్‌లో వచ్చినా బస్సులో వచ్చినా చివరికి మీరు అదే మెట్రో రైల్లో ఉంటారు. జేబీఎస్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్ దాకా ఉదయం పూట బస్సు పాకే ఆ ముక్క మొత్తం మీకు తప్పుతుంది.

రాజీవ్ రహదారి గురించి మాత్రం కాస్త కఠినంగా లెక్కేసుకోండి. అల్వాల్ నుంచి జేబీఎస్‌కి ఏడింటికి బయల్దేరితే అరగంటలోపే వచ్చేస్తారు, అదే ఎనిమిదిన్నరకి ఎక్కితే తిరుమలగిరి, కార్ఖానా దగ్గరే సగం టైమ్ పోతుంది, 45 నిమిషాల పైన పెట్టుకోవాలి. ఈ రోడ్డు మీద ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ పనులు నడుస్తున్న చోట రోడ్డు ఇరుకవుతుంది. అందుకే బస్సు రోజైనా 7:40 కల్లా బస్సులో కూర్చోవాలి. మీకు టికెట్ ఖర్చు కూడా ఉండదు, మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ అడ్రసు ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే మహిళలకి జీరో టికెట్ ఇస్తారు. మెట్రో డీలక్స్‌కి ఇది వర్తించదు, తొందరలో అది ఎక్కితే టికెట్ తీసుకోవాల్సిందే.

ఇప్పుడు మెట్రో. మీకున్న పెద్ద అదృష్టం ఏంటంటే సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే లైను, ఎక్కడా మారక్కర్లేదు. మియాపూర్ వైపు నుంచి, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లంతా అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి మీ రైలెక్కుతారు. తొమ్మిది ప్రాంతంలో ఆ ప్లాట్‌ఫాం చూడాలి. ప్రతి తలుపు గీత దగ్గరా రెండు వరసల జనం, దిగేవాళ్లకి దారి ఇచ్చేలోపే ఎక్కేవాళ్లు లోపలికి వచ్చేస్తుంటారు, మూడు బోగీల రైలు కాబట్టి కొంతమంది ప్రతిసారీ బయటే మిగిలిపోతారు. మీరు అప్పటికే లోపల ఉంటారు. బేగంపేట దాటగానే తలుపు దగ్గర నుంచి జరిగి రెండు తలుపుల మధ్య సీట్ల ముందుకి వెళ్లిపోండి. అమీర్‌పేటలో దిగేవాళ్లూ చాలామందే ఉంటారు, సీటు దొరికితే అక్కడే దొరకాలి, తలుపు దగ్గర ఇరుక్కుంటే దిగేవాళ్లతో పాటు మీరూ ప్లాట్‌ఫాం మీదికి వచ్చేస్తారు.

ముందు రైలు ఎక్కితే ఇరవై నిమిషాలు వృథా కావన్నది ఇందుకే. అమీర్‌పేటని ఎనిమిదిన్నర లోపు దాటేస్తే నిలబడినా ఫోన్ చూసుకునేంత చోటుంటుంది, రాయదుర్గంలో దిగాక రోడ్డు కూడా ఇంకా జామై ఉండదు. ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు ముందు బయల్దేరితే ఆఫీసు దగ్గర ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు ముందు దిగుతారు. మీ మేనేజర్ ఒప్పుకుంటే తొమ్మిదిన్నర నుంచి ఆరింటి దాకా షిఫ్ట్ అడగండి. అరగంట మార్పే గానీ మీ దారిలో అది రెండు వైపులా తేడా చూపిస్తుంది.

ఒక విషయంలో జాగ్రత్త. మేడ్చల్ నుంచో, సికింద్రాబాద్ నుంచో లింగంపల్లి వైపు వెళ్లే ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ స్టేషన్‌లో ఆగుతుంది కదా, దిగి ఆఫీసుకి వెళ్లిపోవచ్చు అని ఎవరో ఒకరు చెప్తారు. ఆ రైల్వే స్టేషన్, సైబర్ టవర్స్ దగ్గరున్న హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ ఒకటి కాదు, మధ్యలో సుమారు మూడు కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ దిగితే మీరు మళ్లీ ఆటో పట్టుకుని, అదే ట్రాఫిక్‌లో మాదాపూర్, గచ్చిబౌలి దాటుకుంటూ వెళ్లాలి. కూకట్‌పల్లి వైపు ఆఫీసు ఉన్నవాళ్లకి ఆ స్టేషన్ బాగుంటుంది, మీకు కాదు. లింగంపల్లి దాకా వెళ్లి అక్కడి నుంచి బస్సులో గచ్చిబౌలి మీదుగా రావడం కొంచెం నయం, కానీ రైల్లో ఎక్కువసేపు ఉండాలి, సికింద్రాబాద్ దగ్గర ఆగితే ఆ లేటూ మీరే భరించాలి. మెట్రోకి ఏదైనా సాంకేతిక సమస్య వచ్చిన రోజుకి దాచుకోండి ఆ దారిని.

రాయదుర్గంలో దిగాక, మీ ఆఫీసు షటిల్ ఉందేమో ఉద్యోగంలో చేరిన మొదటి రోజే హెచ్‌ఆర్‌ని అడగండి. చాలా కంపెనీలు రాయదుర్గం మెట్రో నుంచి షటిల్ నడుపుతాయి, అడగనివాళ్లకి చెప్పరు. లేకపోతే ఆర్టీసీ బస్సు. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తే దాన్ని బట్టి మెట్లు దిగండి, కనిపించకపోతే స్టాప్‌లో పది నిమిషాలు చూసి షేర్ ఆటో ఎక్కేయండి. ఆ పది నిమిషాల పరిమితి ముందే పెట్టుకోవాలి, లేకపోతే ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అనుకుంటూ పావుగంట దాటిపోతుంది.

సాయంత్రం లెక్క వేరు. ఆరున్నరకి బయటపడితే రాయదుర్గం చేరేసరికి ఏడు దాటుతుంది, వాన పడిందంటే ఏడున్నర. మీ బస్సు మలుపు తిరిగి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేని ఆ గంటలో సికింద్రాబాద్‌లో ఒక నిర్దిష్టమైన రైలుకి ముడిపెట్టుకుంటే రోజూ టెన్షనే. అందుకే సాయంత్రానికి మామూలు ప్లాన్ మెట్రోలో పరేడ్ గ్రౌండ్, అక్కడి నుంచి జేబీఎస్‌కి నడక, అల్వాల్ బస్సు. ఎంఎంటీఎస్ దొరికితే లాభం, దొరక్కపోతే నష్టం లేదు అన్నట్టు పెట్టుకోండి.

దొరుకుతుందో లేదో ఎక్కడ తేల్చుకోవాలంటే, ప్యారడైజ్ స్టేషన్‌లో. రాయదుర్గం నుంచి వచ్చేటప్పుడు ప్యారడైజ్ తర్వాత పరేడ్ గ్రౌండ్, దాని తర్వాతే సికింద్రాబాద్ ఈస్ట్. ప్యారడైజ్‌లో తలుపులు మూసుకోగానే టైమ్ చూడండి. మేడ్చల్ రైలు బయల్దేరడానికి ఇంకా 25 నిమిషాలు ఉండి, NTESలో అది రద్దు కాలేదని కనిపిస్తే కూర్చోండి, సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి రైల్వే స్టేషన్‌లోకి వెళ్లండి. 25 కన్నా తక్కువుంటే పరేడ్ గ్రౌండ్‌లో దిగిపోయి బస్సుకి వెళ్లండి. పరుగెత్తితే అందుతుందేమో అనుకోవద్దు, ఆ టైమ్‌లో రైల్వే స్టేషన్ బ్రిడ్జి మీద సామాన్లతో ఉన్న దూరప్రాంత ప్రయాణికుల మధ్య ఎవరూ పరుగెత్తలేరు.

ఇలా చివరి నిమిషంలో స్టేషన్ మార్చుకోవాలంటే మెట్రోలో స్మార్ట్ కార్డు ఉండాలి. క్యూఆర్ టికెట్ తీసుకుంటే ఎక్కడ దిగుతారో ముందే చెప్పేస్తారు, పరేడ్ గ్రౌండ్‌కి తీసుకుని ఒక స్టేషన్ ముందుకెళ్తే గేటు తెరుచుకోదు, కౌంటర్ దగ్గర తేడా కట్టి రావాలి. కార్డులో అయితే బయటికి వచ్చే గేటు దగ్గరే డబ్బు కోస్తుంది, మీరు ఎక్కడ దిగినా దానికి తెలిసిపోతుంది. అలాగే ఎంఎంటీఎస్‌కి నెలవారీ సీజన్ టికెట్ తీసేసుకోండి, ఉదయం ఒక్కపూట ఎక్కినా పెద్ద ఖర్చు కాదు, రైలొచ్చే టైమ్‌కి అల్వాల్ కౌంటర్ దగ్గర నిలబడే పని తప్పుతుంది. రోజువారీ టికెట్ ఫోన్‌లో తీసుకునేవాళ్లు స్టేషన్ ఆవరణలోకి రాకముందే తీసుకోవాలి, లోపలికి వచ్చాక అక్కడ అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకోవాల్సి వస్తుంది.

ఖర్చంతా మెట్రోదే. 2025 మేలో చార్జీలు సవరించాక కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు అయ్యాయి. మీ దూరానికి ఒకవైపే 50 దాటుతుంది, అంటే నెలకి రెండు వేల పైనే. మీకు బస్సు ఉచితం, ఎంఎంటీఎస్ స్వల్పం. కొన్నాళ్లు పోయాక ఖర్చు తగ్గించాలనిపించి సికింద్రాబాద్ నుంచి కూడా బస్సులోనే వెళ్తే ఎలా ఉంటుంది అనుకుంటారు. సెలవు రోజుల్లో వెళ్లొచ్చు గానీ పనిరోజుల్లో అమీర్‌పేట, జూబ్లీ చెక్‌పోస్ట్ దాటే టైమ్‌కి మెట్రోలో వాళ్లు ఆఫీసులో టీ తాగుతుంటారు. మెట్రో మీద పెట్టే డబ్బు ఆ ముక్క కోసమే, దాన్ని తగ్గించకండి.

సాయంత్రం రాయదుర్గంలో ఎక్కడం తేలికే, అది చివరి స్టేషన్ కాబట్టి అక్కడ దిగేవాళ్లంతా దిగాకే మీరెక్కుతారు. రెండు నిమిషాలు ఓపిక పట్టి ఒక రైలు వదిలేసి, వరసలో ముందు నిలబడితే తర్వాతి దాంట్లో సీటు దాదాపు ఖాయం. ఆఫీసు షటిల్ మిమ్మల్ని హైటెక్ సిటీ స్టేషన్‌లో దింపుతానంటే వద్దని రాయదుర్గంలోనే దిగండి, ఒక్క స్టేషన్ తేడాలో సీట్లన్నీ నిండిపోతాయి.

పెద్ద వాన రోజుకి వేరే మాట. ఆఫీసు నుంచి రాయదుర్గం దాకా ఉన్న రోడ్డే మీ మొత్తం ప్రయాణంలో బలహీనమైన చోటు, నీళ్లు నిలిస్తే అరగంట దారి గంటన్నర అవుతుంది. సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్ముకుంటే, వీలైతే ఐదింటికే బయటపడి మిగతా పని ఇంటి నుంచి చేస్తానని అడగండి. కుదరకపోతే ఆఫీసులోనే ఉండి ఎనిమిదిన్నర తర్వాత బయల్దేరండి, అప్పటికీ మెట్రో ఉంటుంది. ఆ మధ్యలో మాత్రం రోడ్డు మీదికి రావద్దు. అలా ఆలస్యమైన రోజు జేబీఎస్ నుంచి అల్వాల్‌కి బస్సులు పలచబడతాయి, ఇంట్లోవాళ్లని ఎవరినైనా స్కూటీ మీద జేబీఎస్‌కి రమ్మనడం మేలు, అల్వాల్ స్టేషన్‌కి కాదు.

ఇంకొకటి, చేరే ముందు ఆదివారం ఒకసారి ట్రయల్ వేసి చూస్తానని అనుకుంటున్నారేమో. ఆదివారం రోడ్డూ ఖాళీ, మెట్రో కూడా ఖాళీ, ఎంఎంటీఎస్ సర్వీసులు కొన్ని ఉండకపోవచ్చు, ఆ టైమ్ చూసి ప్లాన్ వేస్తే సోమవారం తప్పుతుంది. సెలవు పెట్టగలిగితే ఒక మంగళవారమో బుధవారమో ఉదయం అదే టైమ్‌కి వెళ్లి రండి, సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ దిగిన చోటు నుంచి మెట్రో గేటు దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో చూసి రాసుకోండి. పైన నేను పావుగంట అన్నచోట మీ నంబర్ పెట్టి, మళ్లీ పదింటి నుంచి వెనక్కి లెక్కేసుకుంటే మీ రైలు ఏదో తేలిపోతుంది.